క్రిప్టో పన్ను పాఠాలు – 3: కాయిన్‌ను కాయిన్‌తో మార్చినప్పుడు

గత పాఠంలో రూపాయలు పెట్టి కొని, రూపాయలకే అమ్మిన సందర్భాన్ని చూశాం. ఈసారి రూపాయి చేతికి రాకుండానే పన్ను పడే సందర్భాన్ని చూద్దాం. ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. ఉదాహరణ 2024-25 ఆర్థిక సంవత్సరానిది.

ఒక ఉద్యోగి 2024 మే నెలలో లక్ష రూపాయలు పెట్టి ఈథర్ కొన్నాడనుకుందాం. సెప్టెంబరులో దాని విలువ 1,40,000 రూపాయలకు చేరినప్పుడు, అదే ఎక్స్ఛేంజ్‌లో దాన్ని మరో కాయిన్‌గా మార్చుకున్నాడు. ఆ కాయిన్ పడిపోవడంతో డిసెంబరులో లక్ష రూపాయలకు అమ్మేశాడు. లక్ష పెట్టాడు, లక్ష వచ్చింది, కాబట్టి పన్ను లేదని అతని లెక్క.

చట్టం లెక్క వేరు. ఆస్తి బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, మారకం కూడా బదిలీయే. అందువల్ల సెప్టెంబరులో ఈథర్‌ను వదులుకున్న రోజునే 40,000 రూపాయల లాభం తేలిపోయింది. కొత్త కాయిన్ ఖరీదు ఆనాటి విలువ ప్రకారం 1,40,000 అవుతుంది కనుక, డిసెంబరు అమ్మకంలో 40,000 నష్టం వచ్చింది. అయితే 115బీబీహెచ్ సెక్షన్ ఒక కాయిన్ నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసివేయనివ్వదు, జీతంలోంచి తీసివేయనివ్వదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వదు. కాబట్టి 40,000 మీద 30 శాతం చొప్పున 12,000, దాని మీద 4 శాతం సెస్సు 480, మొత్తం 12,480 రూపాయలు కట్టాలి. ఇది న్యాయమా అని అడిగితే నాకూ ఒప్పుకోబుద్ధి కాదు, కానీ రిటర్నులో చూపవలసింది మాత్రం ఇదే.

రిటర్నులో `Schedule VDA` అనే పట్టిక ఉంటుంది. అది ఐటీఆర్-1లో ఉండదు కాబట్టి ఐటీఆర్-2 గానీ, వ్యాపార ఆదాయంగా చూపేవారైతే ఐటీఆర్-3 గానీ ఎంచుకోవాలి. ఒక్కో బదిలీకి ఒక్కో వరుస రాయాలి. మన ఉదాహరణలో మొదటి వరుసలో ఆదాయం 40,000 వస్తుంది, రెండో వరుసలో నష్టం బదులు సున్నా వస్తుంది. కొన్న ఖరీదు తప్ప మరే ఖర్చునూ తీసివేయడానికి వీల్లేదు కనుక, అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజ్ పట్టుకున్న రుసుమును అమ్మకం విలువలోంచి తగ్గించి చూపకండి. 194ఎస్ కింద కోసిన 1 శాతం టీడీఎస్‌నూ అలా తగ్గించకూడదు; అది మీ పేరున ముందుగా జమైన పన్ను. రెండు బదిలీల మీద 1,400, 1,000 చొప్పున కోత పడి ఉంటే, 12,480లోంచి 2,400 పోను ఇంకా కట్టవలసింది 10,080 రూపాయలు. ఆ కోత ఫారం 26ఏఎస్‌లో కనిపించేదాకా రిటర్ను దాఖలు చేయకపోవడం మంచిది.

ఇక రికార్డుల సంగతి. ఎక్స్ఛేంజ్ ఇచ్చే లాభనష్టాల సారాంశం చాలదు, ప్రతి లావాదేవీ ఉన్న సీఎస్‌వీ ఫైలు దించుకుని, మీ సొంత పట్టికలో ఈ గడులు పెట్టుకోండి.

```
date_ist,type,coin_out,qty_out,coin_in,qty_in,inr_value,tds,txid
```

మొదటి గడిలో భారత కాలమానం ఎందుకంటే, చాలా ఫైళ్లలో సమయం యూటీసీలో ఉంటుంది, మనం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటాం. ఫైలులో `2025-03-31 19:40:12` అని ఉన్న అమ్మకం మనకు ఏప్రిల్ 1 తెల్లవారుజామున ఒంటి గంటా పది నిమిషాలకు జరిగినట్టు. అంటే ఆ వరుస తరువాతి ఆర్థిక సంవత్సరానికి చెందుతుంది. మారకం నాటి రూపాయి విలువను ఏడాది పొడవునా ఒకే చోటి నుంచి తీసుకోండి, ఆ ధర కనిపించే తెర చిత్రాన్ని కూడా దాచుకోండి.

సొంత వాలెట్‌కు పంపడం బదిలీ కాదు, యజమాని మారలేదు కనుక దాని మీద పన్ను లేదు. చిక్కు ఆ తరువాత వస్తుంది: ఆ కాయిన్లను వేరే ఎక్స్ఛేంజ్‌కు తెచ్చి అమ్మితే, వాటిని మీరు ఎంతకు కొన్నారో ఆ ఎక్స్ఛేంజ్‌కు తెలియదు, కాబట్టి దాని నివేదికలో ఖరీదు సున్నాగా పడవచ్చు. పంపినప్పటి, అందినప్పటి `txid` రెండూ మీ పట్టికలో ఉంటే పాత కొనుగోలుతో గొలుసు కలపగలుగుతారు. నేను వాడిన ఒక చిన్న ఎక్స్ఛేంజ్ మూతపడినప్పుడు పాత ఫైళ్లు దొరక్క, బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చోవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ ఫైలు దించుకుంటున్నాను.

అభ్యాసం: 40,000 రూపాయలకు కొన్న కాయిన్లను సొంత వాలెట్‌కు పంపారు. అక్కడి నుంచి మరో ఎక్స్ఛేంజ్‌కు తెచ్చి, 36,000 విలువ ఉన్న రోజున వేరే కాయిన్‌గా మార్చారు, దాన్ని 45,000కు అమ్మారు. పట్టికలో ఎన్ని వరుసలు వస్తాయో, పన్ను పడే ఆదాయం ఎంతో రాసిపెట్టుకోండి. జవాబు వచ్చే పాఠంలో, విదేశీ ఎక్స్ఛేంజ్‌ల లెక్కకు ముందు చూద్దాం.