"అంతా బాగానే ఉంది సార్" దగ్గరే స్టే ఇంటర్వ్యూ ఆగిపోతోందా? సమస్యలు, పరిష్కారాలు

ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో మంచి అనలిస్ట్ రాజీనామా చేస్తే నష్టం ఎంతో ఆ సెక్షన్ చూసుకునే వాళ్లకే తెలుస్తుంది. కొత్త మనిషి చేరిన రోజే హెచ్‌పీఎల్‌సీ అనే టెస్టింగ్ మిషన్ మీద కూర్చోబెట్టలేం. పని ఎలా చేయాలో రాసిన ఎస్‌ఓపీలు చదవాలి, ట్రైనింగ్ అవ్వాలి, అనలిస్ట్ క్వాలిఫికేషన్ పాసవ్వాలి. ఆ తర్వాతే అతను చేసిన రిజల్ట్ చెల్లుతుంది. పాత మనిషిని ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి "ఎందుకు వెళ్లిపోతున్నావు" అని అడిగితే ఏం లాభం, అప్పటికే అవతలి కంపెనీలో జాయినింగ్ డేట్ ఖాయమైపోయి ఉంటుంది.

స్టే ఇంటర్వ్యూ అంటే ఆ మాటలేవో మనిషి ఇంకా మనతో ఉన్నప్పుడే మాట్లాడుకోవడం. ఇక్కడ నిన్ను ఏది నిలబెడుతోంది, ఏది విసిగిస్తోంది అని నేరుగా అడగడం. రోజూ పని చెప్పే సెక్షన్ ఇన్‌ఛార్జే ఇది చేయాలి, హెచ్‌ఆర్ కాదు, ఎందుకంటే విసిగించే వాటిలో చాలావరకు సరిచేయగలిగేది ఆయనే. అరగంట నుంచి ముప్పావుగంట చాలు. అప్రైజల్ నెలలో మాత్రం వద్దు, అప్పుడు ఏం అడిగినా అవతలి మనిషికి రేటింగే వినిపిస్తుంది. ల్యాబ్‌లలో ఇది ఎక్కడెక్కడ చెడుతుందో, ఎలా సరిచేసుకోవాలో చెప్తాను.

సమస్య: పిలవగానే మనిషి బిగుసుకుపోతాడు

కారణం దాదాపు ఎప్పుడూ పిలిచిన తీరే. "రేపు 3 గంటలకు నా క్యాబిన్‌కి రా, మాట్లాడాలి" అంటే క్యూసీలో పనిచేసేవాడికి తట్టేది ఒక్కటే, రిజల్ట్ లిమిట్ దాటితే జరిగే ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్ ఏదో దాంట్లో తన పేరు వచ్చిందని. రాత్రంతా మిషన్‌లో ఏ శాంపిల్ ఇంజెక్షన్ తప్పు వేశానా అని గుర్తుచేసుకుంటూ కూర్చుంటాడు.

రెండు రోజుల ముందే, ఎందుకో చెప్పి పిలవండి. "తప్పేమీ జరగలేదు, అప్రైజల్‌కీ దీనికీ సంబంధం లేదు. నువ్వు ఇక్కడే ఉండాలని నాకుంది, అందుకు నేను ఏం మార్చాలో నీ నోటి నుంచి వినాలి. గురువారం లంచ్ అయ్యాక అరగంట కూర్చుందాం" అంటే చాలు. అద్దాల క్యాబిన్‌లో అందరి కళ్ల ముందు కూర్చోవడం కన్నా ఆ టైమ్‌కి ఖాళీగా ఉండే ట్రైనింగ్ రూమ్ నయం.

సమస్య: ఏం అడిగినా "అంతా బాగానే ఉంది సార్" అంటాడు

అసలు చిక్కంతా ఇక్కడే. చాలామంది ఈ జవాబు విని సంతోషపడి లేచిపోతారు, రెండు నెలలకు రాజీనామా మెయిల్ వస్తుంది.

కారణాలు రెండు. ఒకటి, అడిగే మనిషే రేటింగ్ ఇచ్చే మనిషి కాబట్టి భయం. ఇది పూర్తిగా పోదు, తగ్గించగలం అంతే. రెండోది మన ప్రశ్నలోనే ఉంది. "ఇక్కడ బాగానే ఉంది కదా?" అని జవాబును కూడా మనమే అందించేసి అడిగితే మర్యాద తెలిసిన ఎవడైనా అవుననే అంటాడు. "ఏమైనా ప్రాబ్లమ్స్ ఉన్నాయా?" అన్నా అంతే, ఉన్నాయంటే ఫిర్యాదు చేసినట్టు అవుతుందని జంకుతాడు.

అభిప్రాయం అడగకండి, జరిగిన రోజు గురించి అడగండి. "పోయిన నెలలో ఏ రోజు ఇంటికి చిరాగ్గా వెళ్లావు? ఆ రోజు ఏం జరిగింది?" అనండి. "ఏ పని చేస్తున్నప్పుడు టైమ్ తెలియలేదు?" అనండి. "ఈ ఉద్యోగం మానేద్దామని చివరిసారి ఎప్పుడు అనిపించింది?" అనేది కాస్త ఇబ్బందిగా ఉంటుంది కానీ మానకండి, "అలా అనిపించడం సహజమే, అందరికీ అనిపిస్తుంది" అని ముందు ఒక మాట అని అడగండి. అడిగాక మాట్లాడకుండా ఆగండి. అతను నేల చూస్తున్నా, నీళ్లు తాగుతున్నా, మీరే అందుకుని ఇంకో ప్రశ్న వేయకండి. అసలు మాట ఆ గ్యాప్ తర్వాతే వస్తుంది.

మా దగ్గర జరిగిందే చెప్తాను. ఆరేళ్లుగా ఉన్న సీనియర్ అనలిస్ట్. మందులో మలినాలు చూసే రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ టెస్టుల్లో చెయ్యి తిరిగినవాడు, జూనియర్లకు నేర్పేది కూడా అతనే. "అంతా బాగానే ఉంది సార్" అన్నాడు. చిరాగ్గా ఇంటికెళ్లిన రోజేదో చెప్పమంటే కాసేపు ఊరుకుని "పోయిన శనివారం సార్" అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం 4 గంటలకు డిస్పాచ్‌కి అర్జెంట్ అంటూ ప్రొడక్షన్ నుంచి ఒక బ్యాచ్ శాంపిల్ వచ్చింది. సీక్వెన్స్ పెట్టేస్తే మిషన్ దానంతట అదే నడుస్తుంది నిజమే కానీ, ముందు బ్లాంక్, తర్వాత స్టాండర్డ్ ఆరుసార్లు ఇంజెక్ట్ అయి, మిషన్ సరిగ్గా పనిచేస్తోందని చూపే సిస్టమ్ సూటబిలిటీ పాసయిందని చూసుకునే దాకా కదలడానికి లేదు. ఆ మెథడ్‌లో ఒక్కో రన్ ముప్పావుగంట. 6 గంటల కంపెనీ బస్సు వెళ్లిపోయింది, తర్వాతది రాత్రి షిఫ్ట్ మారినప్పుడే. పటాన్‌చెరు రోడ్డు మీద నిలబడి షేర్ ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి పిల్లాడు నిద్రపోయాడు. ఇలా నెలలో ఎన్నిసార్లు అవుతుందంటే "అర్జెంట్ ఏదొచ్చినా నాకే కదా సార్ ఇస్తారు, తప్పులు రావని" అన్నాడు.

ఇంకాస్త ఆగితే రెండోది బయటికి వచ్చింది. కొత్త ప్రొడక్ట్ టెస్ట్ పద్ధతిని వేరే ల్యాబ్ నుంచి మన ల్యాబ్‌కి తెచ్చుకునే మెథడ్ ట్రాన్స్‌ఫర్ పని వచ్చినప్పుడు అతన్ని తీసుకోలేదు, రొటీన్ టెస్టింగ్ ఆగిపోతుందని. తన కన్నా వెనక చేరినవాళ్ల రెజ్యూమేలో మెథడ్ వాలిడేషన్, ట్రాన్స్‌ఫర్ అని ఉంటే, తన రెజ్యూమేలో ఆరేళ్ల నుంచీ రొటీన్ అనాలిసిస్ ఒక్కటే ఉంది. నమ్మకస్తుడు కావడమే అతనికి శిక్ష అయిపోయింది. జీతం మాట అప్పటిదాకా ఎత్తనేలేదు.

సమస్య: మాట జీతం దగ్గరే ఆగిపోతుంది

దీనికి ఒకే కారణం ఉండదు, అందుకే విడదీసి చూడాలి. కొందరికి జీతం చెప్పడానికి సులువైన జవాబు, ఎవరినీ నొప్పించదు. కొందరికి నిజంగా జీతమే. తేల్చుకోవడానికి ఇలా అడగండి: "సరే, జీతం నువ్వనుకున్నంత పెరిగిందనుకో, మిగతావన్నీ ఇలాగే ఉంటాయి. అప్పుడు ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటావా?" వెంటనే "ఉంటాను" అంటే జీతమే. తటపటాయించి "అదీ... షిఫ్టులు కూడా..." అంటే జీతం పైపొర మాత్రమే, కింద ఉన్నది వినండి.

నిజంగా జీతమే అయితే ఎక్కువసార్లు కనిపించే కారణం, బయటి నుంచి అదే అనుభవంతో కొత్తగా చేరినవాడికి ఎక్కువ ఇవ్వడం. ఆ విషయం క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటప్పుడు షిఫ్టు మార్చి, మంచి మాటలు చెప్పి సరిపెట్టాలని చూడకండి, చులకన చేసినట్టు ఉంటుంది. "నెంబర్ నా చేతిలో లేదు. ఇద్దరి అనుభవం, చేసే టెస్టులు పక్కపక్కన పెట్టి ఈ శుక్రవారం లోపు హెచ్‌ఆర్‌కి రాసి పంపుతాను, వాళ్లేమన్నారో నీకు వచ్చే నెల మొదటి వారంలో చెప్తాను, కాదన్నా చెప్తాను" అనండి. "చూద్దాం, చేద్దాం" మాత్రం వద్దు. దాన్ని అతను మాట ఇచ్చినట్టే తీసుకుంటాడు, మీరు మర్చిపోతారు.

సమస్య: చెప్పడం మొదలుపెట్టి మధ్యలో మూసుకుపోతాడు

మీరు సమర్థించుకోవడం మొదలుపెట్టి ఉంటారు. "ఆ రోజు డిస్పాచ్ ప్రెజర్ నీకు తెలుసు కదా" అన్న ఒక్క మాట చాలు. అది నిజమే కావచ్చు, కానీ అది చెప్పాల్సిన టైమ్ కాదు. "ఇంకా చెప్పు", "తర్వాత ఏమైంది" తప్ప ఇంకేమీ అనకండి. అతని మాటల్ని అతని మాటల్లోనే కాగితం మీద రాసుకోండి, చివర్లో చదివి వినిపించి "నేను రాసింది సరిగ్గానే ఉందా? ఇందులో హెచ్‌ఆర్‌కి ఏది చెప్పొచ్చు, ఏది మన మధ్యే ఉండాలి?" అని అడిగి అదే పాటించండి. ఒకసారి మాట బయటికి పొక్కిందంటే ఆ సెక్షన్‌లో ఇంకెవరూ నోరు విప్పరు.

సమస్య: ఇంటర్వ్యూ అయ్యాక మనిషి ఇంకా ముభావంగా మారాడు

అడిగించుకున్నాడు, చెప్పాడు, ఏమీ మారలేదు. అడగకపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

వారం లోపల ఒక్కటి మారాలి, చిన్నదైనా సరే, కంటికి కనిపించాలి. పైన చెప్పిన అనలిస్ట్ విషయంలో ఏం చేశామంటే, మధ్యాహ్నం 3 దాటాక వచ్చే శాంపిల్ ఏదైనా రెండో షిఫ్ట్‌దే అని ప్రొడక్షన్, ప్లానింగ్ వాళ్లతో కూర్చుని ఒప్పించుకున్నాం. కానీ రెండో షిఫ్ట్‌లో ఆ మెథడ్‌కి క్వాలిఫై అయిన అనలిస్ట్ లేడు. ట్రైనింగ్ పూర్తయ్యేసరికి నెల పైనే పట్టింది, అందాకా అతను ఆగాల్సి వస్తే ఇంటికి కంపెనీ క్యాబ్. క్యాబ్ ఆ వారమే మొదలైంది, అదే అతనికి నమ్మకం కలిగించింది.

మెథడ్ ట్రాన్స్‌ఫర్ వెంటనే ఇవ్వలేకపోయాం, అప్పటికే మొదలైన ప్రాజెక్టులో మనుషుల్ని మార్చడం కుదరదు. ఆ మాటే అతనితో చెప్పి, తర్వాత రాబోయే ప్రొడక్ట్‌లో ప్రోటోకాల్ రాసే దశ నుంచే అతని పేరు వేశాం. అతని రొటీన్ పనిలో సగం ఎవరికి వెళ్తుందో కూడా అప్పుడే రాసుకున్నాం. ఇది రాసుకోకపోతే కొత్త పని పాత పని మీద అదనపు బరువై కూర్చుంటుంది, మనిషి ఇంకా త్వరగా వెళ్లిపోతాడు. నెల తర్వాత అదే కాగితం పట్టుకుని పది నిమిషాలు మళ్లీ కూర్చున్నాం: అయినవి, కానివి, ఎందుకు కాలేదో.

ఇది పనిచేయని చోట్లు

విసుగుకి కారణం మీరే అయితే మీకు చెప్పరు. మీ కింద పనిచేసినవాళ్లు వరసగా "పర్సనల్ రీజన్స్" అని రాసి వెళ్లిపోతుంటే ఇంటర్వ్యూ మీ పైవాళ్లు చేయాలి.

ఇంకొకటి, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక. పెండింగ్‌లో ఉన్న లీవుల లెక్క, పీఎఫ్ వివరాలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫార్మాట్ గురించి ఒకేసారి అడుగుతున్నాడంటే చాలావరకు ఆ దశ వచ్చేసినట్టే. అప్పుడు స్టే ఇంటర్వ్యూ ప్రశ్నలు వేస్తే బేరానికి దిగినట్టు ఉంటుంది. "ఎక్కడైనా ఆఫర్ ఉందా? ఉంటే చెప్పు, ఏం చేయగలనో చేయలేనో నేనూ దాచకుండా చెప్తాను" అని సూటిగా అడగండి. అతను వెళ్తానంటే హ్యాండోవర్ ప్లాన్ చేసుకుని, అదే వారంలో ఆ బెంచ్ మీద మిగిలిన ఇద్దరితో స్టే ఇంటర్వ్యూకి టైమ్ పెట్టుకోండి. అతని పనంతా పడేది వాళ్ల మీదే.