తొమ్మిదంగుళాల గోడకు లెక్కేసి తెచ్చిన ఇటుకలు ఎందుకు చాలవు?

సమస్య: గోడ సగం దాటాక ఇటుకలు అయిపోయాయి

చంద్రగిరి వైపు ఒక స్థలానికి కాంపౌండు గోడ. పొడవు 40 అడుగులు, ఎత్తు 5 అడుగులు, తొమ్మిదంగుళాల గోడ. లెక్క నాదే. 1,750 ఇటుకలు దింపించాను. మూడోరోజు మేస్త్రీ ఫోను: "సార్, పదైదు వరసలకే రాళ్లు అయిపోయినాయి. ఇంగా ఐదు వరసలుండాయి." టేపు పెడితే గోడ మూడు అడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఆగి ఉంది.

కారణం

బట్టీ దగ్గర "తొమ్మిది, నాలుగు, మూడు" అన్నారు. నేను దాన్నే ఇటుక కొలత అనుకుని, పైన అరంగుళం సిమెంటు సందు కలిపి, ఒక ఇటుక గోడ మీద 9½ × 3½ అంగుళాలు కప్పుతుందని లెక్కేశాను. ఆ మాట కొలత కాదు, ఆ రకం ఇటుక పేరు. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. అచ్చు ఏ సైజుదైనా చేతికొచ్చే ఇటుక అంతకంటే చిన్నదే, బట్టీకీ బట్టీకీ తేడా కూడా ఉంటుంది.

ఒక్క ఇటుకను కొలిస్తే మోసపోతాం. ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077లో చెప్పినట్టు లోడులోంచి చేతికందిన 20 ఇటుకలు తీసి, నేల మీద కొసకు కొస ఆనించి వరసగా పెట్టి కొలవాలి. నేను ఆలస్యంగా చేసిన పని అది. పొడవు 13 అడుగుల 4 అంగుళాలు వచ్చింది, అంటే ఒక్కోటి 8 అంగుళాలు. అవే మందం వైపు పేరిస్తే 4 అడుగుల 2 అంగుళాలు, అంటే ఒక్కోటి రెండున్నర. (కట్టాక తొమ్మిదంగుళాల గోడ కూడా ఎనిమిదే తేలింది. అదీ పేరే.)

పరిష్కారం: గోడ ముఖం మీద లెక్క

ఘనపు లెక్క వదిలేయండి. వరసలు లెక్కపెట్టండి.

ఇటుక మందం రెండున్నరకు అరంగుళం సందు కలిపితే వరస 3 అంగుళాలు. ఐదడుగులంటే 60 అంగుళాలు, కాబట్టి 20 వరసలు. పొడవున ఇటుక 8, సందు అర, మొత్తం ఎనిమిదిన్నర. 40 అడుగులంటే 480 అంగుళాలు. భాగిస్తే వరసకు 56న్నర. తొమ్మిదంగుళాల గోడలో వెనకా ముందూ రెండు ఇటుకలు కాబట్టి రెట్టింపు: వరసకు 113. అడ్డంగా పెట్టే వరసలోనూ లెక్క దాదాపు అంతే. ఇరవై వరసలకు 2,260. విరిగేవాటికి, ముక్కలకు నూటికి 5 కలిపితే సుమారు 2,375. నాలుగున్నర అంగుళాల గోడైతే రెట్టింపు చేయొద్దు.

నాకు మిగిలిన ఐదు వరసలకు 565, విరిగేవాటితో కలిపి 600 తెప్పించాను. రెండోసారి బండి కిరాయి అదనం.

పుస్తకాల్లో కనిపించే "క్యూబిక్ మీటరుకు 500" 190 × 90 × 90 మి.మీ. మాడ్యులర్ ఇటుకకు సరిపోయే అంకె. నా గోడకు దాన్ని వాడి ఉంటే 2,125 వచ్చేది. విరిగేవాటిని కలపకముందే 135 తక్కువ.

సమస్య: ఇటుకలు మిగిలాయి, సిమెంటు మాత్రం చాల్లేదు

సందులు లావయ్యాయి. పది వరసల ఎత్తు కొలవండి. పైన చెప్పిన ఇటుకకైతే 30 అంగుళాలు రావాలి. 33 వస్తే సందు ముప్పావు అంగుళం దాటినట్టే. రెండు కొసలా వరస గుర్తులు గీసి దారం కట్టిస్తే అదుపులోకి వస్తుంది.

సమస్య: సిమెంటు బ్లాకులు సగానికి సగం మిగిలాయి

ఇటుక అలవాటుతో రెట్టింపు చేసుంటారు. బ్లాకు ఒక్కటే గోడ మందం మొత్తం. 16 × 8 × 6 అంటే మెట్రిక్‌లో 400 × 200 × 150 అనే పిలుపు. అసలు బ్లాకు 390 × 190, మిగతా 10 మి.మీ. సందుది. స్థానికంగా పోసేవి కొన్ని సందు తగ్గించకుండా నిండు 16 × 8 ఉంటాయి. ఇక్కడా టేపు తీయాల్సిందే.

అదే గోడ బ్లాకులతో అయితే 480ని 16తో భాగిస్తే వరసకు 30. ఎత్తు 60ని 8తో భాగిస్తే ఏడున్నర వరసలు, చిక్కంతా అక్కడే. అర వరస కోసం బ్లాకులను అడ్డంగా కోయడం దండగ. ఏడు వరసలు కట్టి, పైన నాలుగంగుళాల కాంక్రీటు బెడ్డు పోస్తే సరిగ్గా ఐదడుగులు. బ్లాకులు 210, విరిగేవాటితో 217. వరస విడిచి వరసకు కొసల్లో అర బ్లాకులు పడతాయి గానీ, ఒక బ్లాకును రెండు చేస్తే రెండు కొసలకూ వస్తుంది, సంఖ్య మారదు.

గేటు ఉంటే ముందే దాని వెడల్పు పొడవులోంచి తీసేయండి. పిల్లర్ల ఇటుకలు మాత్రం విడిగా లెక్కేయాలి.