జనరిక్ క్యాంపెయిన్ మరీ బాగున్నట్టు కనిపిస్తుంటే: గూగుల్ యాడ్స్ అకౌంట్‌లో అతివ్యాప్తి సమస్య - పరిష్కారం

సమస్య

జనరిక్ క్యాంపెయిన్ ప్రతి నెలా మంచి కన్వర్షన్ రేటు చూపుతుంది. ఆ లెక్కను నమ్మి బడ్జెట్ పెంచితే కొత్త కస్టమర్లు పెద్దగా పెరగరు, అదే సమయంలో బ్రాండ్ క్యాంపెయిన్‌లో క్లిక్కులు తగ్గిపోతాయి. దీనికి తోడు, ఒకే సెర్చ్ టర్మ్ ఈ వారం ఒక యాడ్ గ్రూపులోనూ, వచ్చే వారం మరో దానిలోనూ కనిపిస్తుంటే, లోపం బిడ్డింగ్‌లో కాక అకౌంట్ నిర్మాణంలో ఉందని ముందుగా అనుమానించాలి.

కారణం

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ అకౌంట్‌ను ఊహించుకుందాం. బ్రాండ్ క్యాంపెయిన్‌లో సంస్థ పేరు మాత్రమే ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో ఉంది, జనరిక్ క్యాంపెయిన్‌లో ‘బిల్లింగ్ సాఫ్ట్‌వేర్’ బ్రాడ్ మ్యాచ్‌లో ఉంది. ఎవరైనా సంస్థ పేరుతో కలిపి ‘బిల్లింగ్ సాఫ్ట్‌వేర్’ అని వెతికితే, అది బ్రాండ్ కీవర్డ్‌తో అక్షరాలా ఒకటి కాదు కాబట్టి, ఎగ్జాక్ట్ మ్యాచ్‌కు దక్కే ప్రాధాన్యం ఇక్కడ వర్తించదు, ఆ సెర్చ్ జనరిక్ క్యాంపెయిన్‌కు వెళ్లిపోవచ్చు. అక్షరాలా ఒకటే అయినప్పుడు కూడా, బ్రాండ్ క్యాంపెయిన్ బడ్జెట్ మధ్యాహ్నానికే అయిపోతే లేదా ఆ కీవర్డ్ మరే కారణంతోనైనా వేలంలో పాల్గొనలేకపోతే, ఆ సెర్చ్ జనరిక్ క్యాంపెయిన్‌కు జారిపోవచ్చు.

ఇలాంటి అతివ్యాప్తి వల్ల మన యాడ్లే ఒకదానితో ఒకటి పోటీపడి క్లిక్ ధర పెంచేస్తాయని చాలామంది భయపడతారు కానీ, అలా జరగదు. అసలు నష్టం రిపోర్టింగ్‌లో ఉంటుంది.

నిర్ధారణ

గత 90 రోజుల సెర్చ్ టర్మ్స్ రిపోర్టును క్యాంపెయిన్, యాడ్ గ్రూపు కాలమ్‌లతో సహా డౌన్‌లోడ్ చేసి గూగుల్ షీట్‌లో తెరవాలి. A కాలమ్‌లో సెర్చ్ టర్మ్, B లో క్యాంపెయిన్, C లో యాడ్ గ్రూపు ఉంచి, D2, E2 గడులలో వరుసగా ఈ ఫార్ములాలు రాసి, కింది వరుసలన్నింటికీ లాగాలి.

```
=B2&"|"&C2
=COUNTUNIQUEIFS(D:D, A:A, A2)
```

E కాలమ్‌లో 2 లేదా అంతకంటే ఎక్కువ వచ్చిన ప్రతి టర్మ్ ఒకటికి మించిన చోట్ల కనిపిస్తోందన్నమాట. వాటిని ఖర్చు ప్రకారం వరుసపెట్టి పైనున్న వాటిని మాత్రమే చూస్తే చాలు, ఒక్కో క్లిక్కు వచ్చిన టర్మ్‌ల వెంటపడడం కాలయాపనే.

తరువాత జనరిక్ క్యాంపెయిన్ వరుసలలో సంస్థ పేరు ఉన్నవాటిని వేరుచేయాలి. మన ఉదాహరణలో రిపోర్టులో కనిపించిన 1,000 క్లిక్కులకు 50 కన్వర్షన్లు, అంటే 5 శాతం వచ్చాయనుకుందాం. అందులో సంస్థ పేరుతో వచ్చినవి 150 క్లిక్కులు, 30 కన్వర్షన్లు, అంటే 20 శాతం. మిగిలిన 850 క్లిక్కులకు 20 కన్వర్షన్లే వచ్చాయి కనుక జనరిక్ అసలు రేటు దాదాపు 2.4 శాతం. బడ్జెట్ పెంచాలన్న నిర్ణయం ఆ 5 శాతాన్ని చూసి తీసుకున్నది.

తక్కువ మంది వెతికిన టర్మ్‌లను గూగుల్ ఈ రిపోర్టులో చూపదు కాబట్టి, ఈ లెక్క కనిపించిన క్లిక్కులకే పరిమితమని గుర్తుంచుకోవాలి.

పరిష్కారం

మొదట బ్రాండ్ క్యాంపెయిన్‌లో సంస్థ పేరును ఫ్రేజ్ మ్యాచ్‌లో చేర్చి, బడ్జెట్ రోజంతా సరిపోయేలా చూడాలి. ఆ తరువాతే అదే పేరును జనరిక్ క్యాంపెయిన్‌లో నెగటివ్ ఫ్రేజ్‌గా పెట్టాలి. ఈ క్రమం తారుమారైతే ఆ సెర్చ్‌లకు కొంతకాలం మన యాడ్ ఎక్కడా కనిపించదు. నెగటివ్ కీవర్డ్‌లు మామూలు కీవర్డ్‌లలా దగ్గరి అర్థాలకు విస్తరించవు, అందువల్ల సంస్థ పేరుకు వాడుకలో ఉన్న పొట్టి రూపాన్నీ, విడదీసి రాసే రూపాన్నీ విడివిడిగా చేర్చాలి.

ఒకే టర్మ్ రెండు యాడ్ గ్రూపులలో కనిపించడానికి మరో కారణమైన నకలు యాడ్ గ్రూపులు సాధారణంగా కొత్త ల్యాండింగ్ పేజీని పరీక్షించడానికి పాతదాన్ని కాపీ చేసి, పాతదాన్ని ఆపడం మరచిపోయినప్పుడు పుడతాయి. గూగుల్ యాడ్స్ ఎడిటర్‌లో నకలు కీవర్డ్‌లను వెతికే సాధనం వీటిని పట్టిస్తుంది. రెండింటిలో ఎక్కువ కన్వర్షన్ చరిత్ర ఉన్నదాన్ని ఉంచి, రెండోదాన్ని తొలగించకుండా పాజ్ చేయాలి, ఎందుకంటే ఎంపిక తప్పయితే పాజ్ చేసినదాన్ని తిరిగి నడపవచ్చు. ఒకే యాడ్ గ్రూపులో ఒకే పదం ఎగ్జాక్ట్, ఫ్రేజ్ రూపాలు రెండింటిలోనూ ఉండడం మాత్రం లోపం కాదు, దాని జోలికి వెళ్లనక్కరలేదు.

సరిచూసుకోవడం

మార్పు చేసిన తేదీని రాసిపెట్టుకుని, కన్వర్షన్లు నమోదు కావడానికి పట్టే ఆలస్యం గడిచాక అదే షీట్‌ను కొత్త డేటాతో మళ్లీ నింపాలి. జనరిక్ వరుసలలో సంస్థ పేరు దాదాపు కనిపించకపోతే పని పూర్తయినట్టు. జనరిక్ రేటు అప్పుడు 2.4 శాతం దగ్గరికి పడిపోతుంది, బ్రాండ్ క్యాంపెయిన్ కన్వర్షన్లు పెరుగుతాయి. ఆ పతనాన్ని క్లయింట్ రిపోర్టులో తానుగా కనిపెట్టేలోగా మనమే ముందుగా చెప్పాలి, మార్పుకు ముందు, తరువాతి కాలాలను క్యాంపెయిన్ వారీగా కాకుండా మొత్తం అకౌంట్ స్థాయిలో పోల్చి చూపాలి.