ఇంట్రాడే పాఠాలు – 6: పివట్ పాయింట్లు, వాటి వెనకున్న నిన్నటి రేంజ్

గత పాఠంలో నిన్నటి హై, లో, క్లోజ్ గీతలను చార్టు మీద గీయడం చూశాం. ఈసారి ఆ మూడు అంకెలతోనే పివట్ లెవెల్స్ కడదాం. కంప్యూటర్లు లేని రోజుల్లో షికాగో ఫ్యూచర్స్ పిట్‌లలో నిలబడి ట్రేడ్ చేసేవాళ్లు పొద్దున్నే కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. కూడికలు, తీసివేతలు, రెట్టింపులు, ఒక భాగహారం తప్ప ఇందులో ఇంకేమీ లేదు.

H నిన్నటి హై, L నిన్నటి లో, C నిన్నటి క్లోజ్. P పివట్. R1, R2, R3 అంటే పైకి వెళ్లే ధర ఆగొచ్చని చూసే రెసిస్టెన్స్ లెవెల్స్, S1, S2, S3 అంటే పడే ధర నిలబడొచ్చని చూసే సపోర్ట్ లెవెల్స్.

```
P  = (H + L + C) / 3
R1 = 2*P - L
S1 = 2*P - H
R2 = P + (H - L)
S2 = P - (H - L)
R3 = H + 2*(P - L)
S3 = L - 2*(H - P)
```

లెక్కకు ముందు క్లోజ్ సంగతి తేల్చుకోవాలి. 3:30కి పడిన చివరి ట్రేడ్ ధరే క్లోజ్ అని చాలామంది అనుకుంటారు. ఎన్ఎస్ఈ నగదు మార్కెట్లో ఎన్నో ఏళ్లుగా షేరు అధికారిక క్లోజ్ అంటే చివరి అరగంట ట్రేడ్‌ల సగటు ధర. ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకు ఆ సగటులో ఎక్కువ తూకం ఉంటుంది. నిఫ్టీ క్లోజ్ కూడా అందులోని షేర్ల అధికారిక క్లోజ్‌ల నుంచే వస్తుంది. అందుకే చార్టులో చివరి ఐదు నిమిషాల క్యాండిల్ ముగిసిన చోటుకీ, ఎక్స్ఛేంజ్ ప్రకటించిన క్లోజ్‌కూ తేడా ఉంటుంది. ఎక్స్ఛేంజ్ రోజూ విడుదల చేసే ధరల ఫైలు భావ్‌కాపీలో క్లోజ్, లాస్ట్ అని రెండు వేర్వేరు నిలువు వరసలు ఉండేది ఇందుకే.

ఈ తేడా లెవెల్స్‌లోకి ఎలా పాకుతుందో చూడండి. క్లోజ్‌లో 30 పాయింట్ల తేడా వస్తే P 10 పాయింట్లు జరుగుతుంది. R1, S1లలో P రెండుసార్లు వస్తుంది కాబట్టి అవి 20 జరుగుతాయి. R2, S2 మాత్రం 10 దగ్గరే ఆగుతాయి. పది పాయింట్ల స్టాప్ లాస్ పెట్టుకునేవాళ్లకు 20 అంటే చిన్న విషయం కాదు. మీ యాప్ చూపించే S1, స్నేహితుడి యాప్ చూపించే S1 కలవకపోతే ముందు చూడాల్సింది ఈ క్లోజ్‌నే. ఏ క్లోజ్ వాడినా రోజూ అదే వాడండి. నా ఓటు భావ్‌కాపీ క్లోజ్‌కే.

ఇప్పుడు అసలు విషయం. R1లోంచి S1 తీసేయండి. 2P కొట్టుకుపోయి H - L మిగులుతుంది. అంటే R1కీ S1కీ మధ్య దూరం ఎప్పుడూ సరిగ్గా నిన్నటి రేంజే. R2, S2ల మధ్య దూరం దానికి రెండింతలు. నిన్నటి రేంజ్‌ను యథాతథంగా తీసుకుని, క్లోజ్ ఎటు మొగ్గితే అటు కొంచెం జరిపి ఈరోజు మీద పరచడమే పివట్ లెక్క చేసే పని. ఈరోజు కదలిక కూడా నిన్నటంతే ఉంటుందన్న ఊహ అందులో దాగి ఉంది. ఆ ఊహ నిలిచిన రోజు లెవెల్స్ పనికొస్తాయి. నిలవని రోజు ఏమవుతుందో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం.

2024 జూన్ 3, సోమవారం. ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ భారీ గ్యాప్ అప్‌తో తెరుచుకుంది. దశాంశాలు సవరిస్తే ఆ రోజు హై 23,339, లో 23,062, క్లోజ్ 23,264. మూడూ కలిపితే 69,665. మూడుతో భాగిస్తే P 23,222. దశాంశాలు సవరించని P ని రెట్టింపు చేస్తే 46,443. అందులోంచి లో తీస్తే R1 23,381, హై తీస్తే S1 23,104. రేంజ్ 277 కాబట్టి S2 22,945. S3 22,827 దగ్గర పడుతుంది.

మర్నాడు లోక్‌సభ ఫలితాలు. నిఫ్టీ 23,180 దగ్గర, అంటే పివట్‌కు కాస్త కింద తెరుచుకుంది. ఆ ఓపెనింగే ఆ రోజు హై. అక్కడి నుంచి S1, S2, S3 మూడూ దాటి 21,281 దాకా పడి, 21,885 దగ్గర ముగిసింది. S3 కింద ఇంకో 1,500 పాయింట్లకు పైగా పడింది. సపోర్ట్ అని ప్రతి లెవెల్ దగ్గరా కొంటూ పోయినవాళ్లకు మూడు స్టాప్ లాస్‌లు తగిలి ఉంటాయి. స్టాప్ పెట్టనివాళ్ల నష్టానికి ఆ లెవెల్స్‌తో సంబంధమే లేదు.

ఫలితాల రోజు ఎవరికి మాత్రం తెలుస్తుంది అని వదిలేయకండి. హెచ్చరిక ముందురోజు అంకెల్లోనే ఉంది. మే 31, శుక్రవారం క్లోజ్ 22,531. అక్కడి నుంచి సోమవారం హై దాకా లెక్కిస్తే మార్కెట్ 808 పాయింట్లు కదిలింది. కానీ H - L తీస్తే కనిపించేది 277 మాత్రమే. మిగతా కదలికంతా గ్యాప్‌లో జరిగిపోయింది. పివట్ సూత్రంలో అంతకుముందు రోజు క్లోజ్ లేదు కాబట్టి గ్యాప్ దానికి కనిపించదు. దాదాపు మూడోవంతుకు కుంచించుకుపోయిన కొలతతో మంగళవారం లెవెల్స్ తయారయ్యాయి.

దీన్ని పట్టుకోవడానికి ట్రూ రేంజ్ కావాలి. నిన్నటి హై, మొన్నటి క్లోజ్ రెండింట్లో పెద్దది తీసుకోండి. నిన్నటి లో, మొన్నటి క్లోజ్‌లలో చిన్నది తీసుకోండి. ఈ రెండింటి తేడాయే ట్రూ రేంజ్. అది H - Lకు దగ్గరగా ఉంటే సరే. దానికి ఒకటిన్నర రెట్లు దాటితే ఆ రోజు పివట్‌లను చార్టు మీద ఉంచండి గానీ వాటిని నమ్మి ఆర్డర్ పెట్టకండి. ఒకటిన్నర అన్నది నేను పెట్టుకున్న హద్దు. మీరు ట్రేడ్ చేసే షేరును బట్టి మార్చుకోవచ్చు.

తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది. జూన్ 4 అంకెలతో 5వ తేదీకి లెక్క కట్టండి. రేంజ్ 1,899. P 22,115, R1 22,950, S1 21,051. 5న నిఫ్టీ 21,792 నుంచి 22,670 మధ్య తిరిగింది. దాదాపు 880 పాయింట్లంటే మామూలు రోజు కాదు. అయినా R1 గానీ S1 గానీ తగల్లేదు. పివట్ ఒక్కటే దారిలో వచ్చింది. ఇక్కడ ట్రూ రేంజ్ పరీక్ష కూడా సరిపోదు, ఎందుకంటే గ్యాప్ చిన్నదే, 4వ తేదీ కదలికంతా రోజు లోపలే జరిగింది. అందుకని గత పది సెషన్ల H - L సగటు కూడా పక్కన రాసుకోండి. నిన్నటి రేంజ్ ఆ సగటుకు రెట్టింపు దాటినా, సగానికి తగ్గినా లెవెల్స్ ఉన్న చోటు ఈరోజుకు నప్పదు.

ఇంకో రెండు సందర్భాలు గుర్తుంచుకోండి. షేరుకు బోనస్ గానీ స్ప్లిట్ గానీ అమలయ్యే రోజున నిన్నటి అంకెలను కొత్త ధరకు సరిచేయకుండా కట్టిన పివట్ పనికిరాదు. 1:1 బోనస్ అయితే H, L, C మూడింటినీ సగం చేసి మొదలుపెట్టాలి. ఎంసీఎక్స్‌లో క్రూడ్, బంగారం రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. అక్కడ సాయంత్రం ఐదుకే రోజు ముగిసిందనుకుని లెక్క కడితే అసలు కదలిక చాలావరకు బయటే ఉండిపోతుంది. పూర్తి సెషన్ అంకెలే తీసుకోండి.

అభ్యాసం: మీరు చూసే ఒక్క షేరుకు గత 20 సెషన్ల భావ్‌కాపీ అంకెలు ఒక షీట్‌లో పెట్టండి. ఒక్కో రోజుకు P, R1, S1, ట్రూ రేంజ్, పది రోజుల సగటు రేంజ్ కట్టండి. సగటు కోసం ఇంకో పది పాత సెషన్లు కావాలి, అవి కూడా దించుకోండి. మర్నాడు ధర R1ను గానీ S1ను గానీ తాకిందా, తాకితే ఆ లెవెల్ అవతల క్లోజ్ అయిందా అన్నది పక్కన రాయండి. తర్వాత పరీక్షలు రెండూ నెగ్గిన రోజులను ఒక గుంపుగా, మిగతావాటిని ఇంకో గుంపుగా విడదీయండి. లెవెల్ తాకిన తర్వాత ఏ క్యాండిల్ కోసం ఆగాలో వచ్చే పాఠంలో ఈ షీట్ ముందు పెట్టుకునే చూద్దాం.