డేటా లేబులింగ్ నేర్చుకుందాం – 6వ పాఠం: షిఫ్ట్‌కి కూర్చోగానే క్యూ ఖాళీగా ఉంటే

పోయిన పాఠంలో గైడ్‌లైన్స్ ఎలా చదవాలో చూశాం. ఈసారి అసలు టాస్కే రాని రోజు సంగతి. లాగిన్ అవుతారు, తెర మీద No tasks available అని ఉంటుంది. లేదంటే పేజీయే తెరుచుకోదు. చాలామంది అరగంట సేపు F5 నొక్కుతూ కూర్చుని, ఆ తర్వాత లీడ్‌కి "సిస్టమ్ పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క పెడతారు. ఆ అరగంటకి లెక్క ఎవరు చెప్పాలో తేలదు. చివరికి టైంషీట్‌లో అది మీ ఖాతాలోనే పడుతుంది. అందుకే మొదటి పది నిమిషాల్లో ఒక్క విషయం తేల్చుకోండి: పని ఆగింది నా ఒక్కరికా, అందరికీనా?

పేజీ తెరుచుకోకపోతే తెర మీద ఉన్న మాటని అక్షరం పొల్లుపోకుండా చదవండి. 502, 503 లాంటి 5తో మొదలయ్యే నంబర్లు కనిపిస్తే తేడా సర్వర్ వైపు ఉన్నట్టు. మీరు లాప్‌టాప్ రీస్టార్ట్ చేసినా లాభం ఉండదు. 401 అంటే మీ లాగిన్ చెల్లలేదని, మళ్లీ లాగిన్ అయితే చాలాసార్లు సరిపోతుంది. 403 అంటే మీకు అనుమతి లేదని. ప్రాజెక్టు నుంచి మీ పేరు తీసేసినా, వీపీఎన్ ఆన్ చేయడం మర్చిపోయినా ఇది రావచ్చు. DNS_PROBE_FINISHED_NXDOMAIN వస్తే ఆ అడ్రస్ ఎక్కడుందో మీ కంప్యూటర్‌కి దొరకలేదన్నమాట. ఆఫీసు లోపలి సైట్ అయితే ముందు వీపీఎన్ చూడండి. ఆ తర్వాత క్రోమ్‌లో Ctrl+Shift+N తో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఒకసారి ప్రయత్నించండి. అక్కడ తెరుచుకుంటే అడ్డుపడుతున్నది మీ బ్రౌజర్‌లో పేరుకున్న కుకీలో, ఏదో ఎక్స్‌టెన్షనో అయి ఉంటుంది.

పేజీ బాగానే తెరుచుకుని క్యూ మాత్రం ఖాళీగా ఉంటే విషయం వేరు. అదే ప్రాజెక్టులో ఉన్న ఇద్దరిని అడగండి. వాళ్లకి టాస్కులు వస్తూ మీకు రాకపోతే మీ క్వాలిఫికేషన్ గడువు తీరిందేమో, క్వాలిటీ స్కోర్ వల్ల మిమ్మల్ని ఆపారేమో లీడ్‌ని అడగాలి. ఎవరికీ రాకపోతే బ్యాచ్ అయిపోయింది, లేదా ఇంకా వదల్లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రోడ్డు ఫొటోల్లో బండ్ల చుట్టూ బాక్సులు గీసే ప్రాజెక్టు. క్లయింట్ కాలిఫోర్నియాలో ఉన్నాడు. రోజూ వాళ్ల ఉదయం 9 గంటలకి కొత్త బ్యాచ్ వదులుతాడు. వేసవిలో అది మనకి రాత్రి 9:30. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ కూడా సరిగ్గా అప్పుడే మొదలు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. మన గడియారాలు జరగవు. దాంతో ఆ రోజు నుంచే అదే బ్యాచ్ మనకి 10:30కి వస్తుంది. ఆ రాత్రి 9:30కి ఫ్లోర్ అంతా ఖాళీ క్యూ చూస్తూ టెన్షన్ పడుతుంది, నిజానికి ఏదీ పాడవలేదు. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే వరస. ఈ రెండు తేదీలు ముందే గుర్తుంచుకుని, షిఫ్ట్ టైం మారుస్తారా అని లీడ్‌ని అడిగితే ఆ గంట వృథా కాదు.

కారణం ఏదైనా లీడ్‌కి రాసే మెసేజ్‌లో టైం, చూసింది, ప్రయత్నించింది, అడుగుతున్నది ఉండాలి. ఇలా:

"మేడమ్, 9:30కి లాగిన్ అయ్యాను. పేజీ తెరుచుకుంది, క్యూలో No tasks available అని ఉంది. 9:38కి మళ్లీ చూశాను, అంతే. నా టీంలో ఇంకో ఇద్దరికీ ఇలాగే ఉంది. ఈ టైంని ఏ కోడ్ కింద వేయమంటారు? ఈలోగా రీవర్క్ చూడమంటారా?"

చివరి రెండు ప్రశ్నలు వదలకండి. చాలా చోట్ల పని లేని సమయానికి టైంషీట్‌లో విడిగా ఒక కోడ్ ఉంటుంది. అడిగితేనే చెప్తారు. జవాబు నోటితో చెప్పినా "మీరు చెప్పినట్టే వేస్తున్నాను" అని చాట్‌లో ఒక లైన్ రాయండి. నెలాఖరున లెక్క అడిగేవాళ్లకి అదే ఆధారం.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు Win+Shift+S తో ముక్క కత్తిరిస్తే కింద గడియారం పోతుంది. Win+PrtSc మొత్తం తెరని ఫొటోగా సేవ్ చేస్తుంది, టైం కూడా పడుతుంది. అయితే తెర మీద క్లయింట్ ఫొటో ఒక్కటి ఉన్నా తీయకండి. స్క్రీన్‌షాట్లే నిషేధమైన ఫ్లోర్‌లో అయితే ఆ ఎర్రర్‌ని చేత్తో టైప్ చేసి పంపండి.

తోటివాళ్ల లాగిన్‌తో పని చేయడం, దానంతటదే రిఫ్రెష్ అయ్యే ఎక్స్‌టెన్షన్ పెట్టడం, ఈ రెండూ వద్దు. మొదటిది దాదాపు ప్రతిచోటా నిబంధనలకి విరుద్ధం. రెండోదాన్ని కొన్ని ప్లాట్‌ఫాంలు బాట్ కింద లెక్కేసి అకౌంట్ ఆపేస్తాయి. పది, పదిహేను నిమిషాలకి ఒకసారి చేత్తో రిఫ్రెష్ చేస్తే చాలు. మధ్యలో పోయిన వారం వెనక్కొచ్చిన మీ టాస్కులు తెరిచి, రివ్యూయర్ రాసిన కారణం గైడ్‌లైన్‌లో ఏ పేరాకి చెందుతుందో వెతకండి.

వచ్చే పాఠానికి ముందు మీ ప్రాజెక్టు బ్యాచ్ ఏ టైం జోన్ ప్రకారం వస్తుందో, మీ టైంషీట్‌లో పని లేని సమయానికి ఏ కోడ్ ఉందో కనుక్కుని రాసి పెట్టుకోండి. టాస్క్ సగంలో ఉండగా పేజీ ఆగిపోతే ఏం చేయాలో 7వ పాఠంలో.