రక్త పరీక్ష చదువుదాం – 4వ పాఠం: సగటు దాచినది ఆర్‌డీడబ్ల్యూ ఎలా చెబుతుంది

పోయిన పాఠంలో ఎర్రకణాల సగటు పరిమాణమైన ఎంసీవీని బట్టి రక్తహీనతను మూడు గంపల్లో వేశాం: 80 లోపు చిన్న కణాలు, 80 నుంచి 100 దాకా మామూలు కణాలు, 100 దాటితే పెద్ద కణాలు. ఈసారి ఆ మధ్య గంప సంగతి. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఎక్కువ తప్పులు చేసింది అక్కడే.

ఎంసీవీ అనేది సగటు. సగటు ఎలా మోసం చేస్తుందో పలాస జీడిపప్పు బజారులో చూడొచ్చు. 180 రకం పప్పు పౌండుకు 180 గింజల దాకా తూగుతుంది, అంటే గింజ రెండున్నర గ్రాములు. 450 రకం గింజ ఒక్క గ్రామే. రెండు రకాల గింజలూ సమానంగా కలిపి సగటు తీస్తే 1.75 గ్రాములు వస్తుంది. ఆ కుప్పలో అంత తూగే గింజ ఒక్కటీ ఉండదు!

ఎర్రకణాల పరిమాణం ఎంత చెదిరి ఉందో చెప్పే అంకె ఆర్‌డీడబ్ల్యూ. రిపోర్టులో RDW-CV అని ఉంటుంది. దాని లెక్క ఇంతే, ఇందులో SD అంటే సగటు నుంచి కణాలు మామూలుగా ఎంత దూరం చెదిరాయో చెప్పే కొలత:

RDW-CV = (SD ÷ MCV) × 100

మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం మధ్య ఉంటుంది. మెషీన్‌ను బట్టి హద్దులు కొంచెం మారతాయి కాబట్టి మీ రిపోర్టులో అచ్చువేసినవే చూడండి.

ఇప్పుడు ఒక కేసు. నలభై దాటిన ఆవిడ, జీడిపప్పు ఒలిచే పని. మాంసం, గుడ్డు ముట్టరు, పాలు కూడా అంతంతమాత్రం. నెలసరిలో రక్తం చాలా పోతోంది. హిమోగ్లోబిన్ 7.6, ఎంసీవీ 86, ఆర్‌డీడబ్ల్యూ 24. ఎంసీవీ ఒక్కటే చూస్తే "మామూలు కణాల రక్తహీనత" అని రాసి, కిడ్నీ జబ్బో దీర్ఘకాల వాపు జబ్బో అని వెతుక్కుంటూ పోతాం.

లెక్క వేయండి. 86లో 24 శాతం అంటే దాదాపు 21. అంటే ఇటు 65 నుంచి అటు 107 దాకా కణాలు బాగానే ఉన్నాయన్నమాట. ఆర్‌డీడబ్ల్యూ 13 ఉన్న మనిషిలో ఇదే ఎంసీవీకి ఆ పరిధి 75 నుంచి 97. చిన్నవీ పెద్దవీ కలిసి మధ్యలో 86 అనే అంకెను తయారుచేశాయి. ఐరన్ తగ్గితే కణం చిన్నదవుతుంది, బి12 తగ్గితే పెద్దదవుతుంది. ఆమెకు రెండూ తక్కువేమోనని అనుమానం వచ్చింది.

"ఏటైంది బాబూ, రిపోర్టులో ఏటున్నాది?" అంది ఆవిడ. "అమ్మా, కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయా?" అని అడిగాను. "ఆరు నెలలై అరికాళ్ళు మొద్దుబారిపోతన్నాయి బాబూ" అంది. ఐరన్ లోపం ఒక్కటే అయితే సాధారణంగా ఆ మాట రాదు.

స్లయిడు రంగు వేసి నూనె లెన్సు కింద పెట్టాను. ఒకే చూపులో రెండు ఊళ్ళు. మధ్యలో తెల్లగా పాలిపోయిన చిన్న కణాలు కొన్ని, వాటి పక్కనే కోడిగుడ్డు ఆకారంలో పెద్దవి. కొలతకు చిన్న లింఫోసైటు అనే తెల్లకణం కేంద్రకం చూడండి, మామూలు ఎర్రకణం దాదాపు అంతే ఉంటుంది. న్యూట్రోఫిల్ అనే మరో రకం తెల్లకణం ఒకదానిలో కేంద్రకం ఆరు ముక్కలుగా కనిపించింది. అది బి12 లేక ఫోలేటు లోపానికి గుర్తు. తరవాత చేసిన పరీక్షల్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్, బి12 రెండూ తక్కువే వచ్చాయి.

ఇలాంటి మనిషికి ఐరన్ మాత్రలు మాత్రమే ఇస్తే హిమోగ్లోబిన్ కొంత పెరిగి ఆగిపోతుంది, ఎంసీవీ 100 దాటుతుంది. బి12 సంగతి తేల్చకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే ఇంకా చిక్కు. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాల దెబ్బ ఆగదు.

అయితే పెరిగిన ఆర్‌డీడబ్ల్యూ ఏ జబ్బు పేరూ చెప్పదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించారా అని ముందు అడగండి, ఇచ్చినవాళ్ళ కణాలూ ఇతని కణాలూ కలిసి అంకె పెరుగుతుంది. రెండు మూడు వారాల కిందట ఐరన్ మొదలుపెట్టినవాళ్ళలోనూ కొత్త కణాలు వచ్చిపడి పెరుగుతుంది, అది మందు పనిచేస్తోందన్న శుభవార్తే. సీతంపేట వైపు కొండ ఊళ్ళ నుంచి వచ్చే సికిల్ సెల్ రోగుల్లోనూ ఎంసీవీ మామూలుగా ఉండి ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువ ఉండొచ్చు. అందుకే స్లయిడు చూడకుండా సంతకం పెట్టకండి.

అభ్యాసం: పాలకొండ నుంచి ఒక కుర్రాడు. హిమోగ్లోబిన్ 10.9, ఎర్రకణాలు 58 లక్షలు, ఎంసీవీ 62, ఆర్‌డీడబ్ల్యూ 14. ఐరన్ లోపమే అయితే ఎంసీవీ ఇంతగా పడేసరికి ఆర్‌డీడబ్ల్యూ ఎంత ఉంటుందనుకుంటారు? ఎర్రకణాల లెక్క ఎందుకు తగ్గలేదు? జవాబు రాసిపెట్టుకోండి, 5వ పాఠం ఈ కుర్రాడితోనే మొదలవుతుంది.