చూడని కవితకు వ్యాఖ్య: సారాంశం దగ్గరే ఆగిపోకుండా

అనంతపురంలో సాహిత్యం పరీక్షలకు చదివేవాళ్ల జవాబులు దిద్దుతుంటే ఒకే లోపం కనిపిస్తుంది. ముందెప్పుడూ చదవని కవితను పరీక్షలో ఇస్తే, అది ఏం చెప్పిందో రాస్తారు, ఎలా చెప్పిందో రాయరు. పాత పేపర్లతో సాధన చేయించేటప్పుడు నేను మార్చింది మొదటి పది నిమిషాలనే. అప్పుడు పెన్ను జవాబు మీద పెట్టకూడదు. కవితలో మలుపు ఎక్కడుందో వెతికి గీత గీయాలి.

సాధన కోసం నేను రాసిన పంక్తులివి:

వాన వస్తుందని
అమ్మ విత్తనానికి కాయలు ఒలుస్తోంది.
వాన వస్తుందని
నాన్న గొర్రు సరిచేస్తున్నాడు.
వాన
పక్క ఊళ్లో కురిసింది.

ఇక్కడ చాలామంది "స్వరం: విషాదం" అని ఒక్క మాటతో సరిపెడతారు. నిజానికి నాలుగు పంక్తుల దాకా ఉన్నది ఆశ. ఐదో పంక్తిలో "వాన" ఒంటరిగా నిలబడినచోట అది తిరుగుతుంది. ఏడుపు మాట ఒక్కటీ లేదు. దుఃఖాన్ని అణిచిపెట్టిన స్వరం అనాలి. నిర్మాణం గురించి రాయాల్సిందీ అక్కడే దొరుకుతుంది: రెండుసార్లు వచ్చిన "వస్తుందని" మూడోసారి రాదు, దాని చోట "కురిసింది" వచ్చింది. పదచిత్రాల్లో మబ్బు లేదు, ఆకాశం లేదు, చేతుల పని మాత్రమే ఉంది. అందుకే చివరి పంక్తి ఆ చేతులను ఖాళీగా వదిలేస్తుంది. స్వరం, పదచిత్రం, నిర్మాణం అని మూడు పేరాలు విడగొడితే ఈ సంబంధం తెగిపోతుంది. మలుపు చుట్టూ కలిపి రాయడమే మేలు.

రాశాక ప్రతి వాక్యాన్నీ అదే పాత పేపర్ల కట్టలోని మరో కవితకు తగిలించి చూడండి. "కవి చక్కని పదచిత్రాలు వాడారు" దేనికైనా అతుకుతుంది, కొట్టేయండి.